గీసుగొండ వర్క్‌షాప్ షెడ్డు: యాంకర్ బోల్టులు, బ్రేసింగ్, పర్లిన్లు, షీట్ల పనిలో లోపాల మీద ఫిర్యాదు

స్వీకర్త:
ప్రాజెక్ట్ మేనేజర్ గారు,
షెడ్డు తయారీ, ఎరెక్షన్ విభాగం

విషయం: వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలో మీరు నిలబెట్టిన 12 మీటర్ల స్పాన్ స్టీలు షెడ్డులో లోపాలు సరిచేయడం, చివరి బిల్లు నిలుపుదల గురించి.

అయ్యా,

మా వర్క్‌షాప్ కోసం మీరు కడుతున్న షెడ్డు 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు, అంచు దగ్గర 5 మీటర్ల ఎత్తు. 4.5 మీటర్ల దూరంలో ఒకటి చొప్పున అయిదు పోర్టల్ ఫ్రేములు. పైకప్పు షీట్లు వేయడం అయిపోయింది, పక్క గోడల షీట్లు ఇంకా మొదలు కాలేదు. ఈ దశలోనే రాయడానికి కారణం ఉంది. గోడల షీట్లు ఎక్కితే గాలికి షెడ్డు తెరచాపలా నిలబడుతుంది, ఆ తర్వాత కింద చెప్పే లోపాల్లో సగం కంటికి కనిపించవు.

ముందు యాంకర్ బోల్టుల సంగతి. పునాదుల మధ్య మూలల నుంచి మూలలకు టేపు పట్టి కొలిచాం. 12కి 18 మూలలు సరిగ్గా లంబకోణంలో ఉంటే రెండు కర్ణాలూ 21.633 మీటర్లు రావాలి. మాకు ఒకటి 21.656, రెండోది 21.611 వచ్చాయి. తేడా 45 మి.మీ. లెక్క వేస్తే తూర్పు వరుస మొత్తం పొడవు దిక్కున దాదాపు 27 మి.మీ. జరిగిందని తేలుతుంది. కాంక్రీటు పోసే ముందు మీ మేస్త్రి ఒక్కో పునాదికి టెంప్లేట్ ప్లేటు పెట్టి నాలుగు బోల్టుల మధ్య దూరాలు సరిచూశాడు. అది బాగానే ఉంది. కానీ పునాదికీ పునాదికీ మధ్య కర్ణం మాత్రం చూడలేదు. టెంప్లేట్ ఒక గుంపులోని బోల్టులను సరిగ్గా ఉంచుతుంది, ఆ గుంపు ఎక్కడ కూర్చోవాలో అది చెప్పదు.

తప్పు జరగడం కంటే దాన్ని దాచిన తీరు మాకు ఎక్కువ అభ్యంతరం. బేస్ ప్లేటు రంధ్రం 26 మి.మీ., బోల్టు 20 మి.మీ. అంటే అటూ ఇటూ 3 మి.మీ. మాత్రమే వెసులుబాటు. 27 మి.మీ. జరిగిన బోల్టును అందులో దించడం కోసం మీ ఎరెక్షన్ మనుషులు గ్యాస్ మంటతో బోల్టులను కాల్చి వంచారు, ప్లేటు రంధ్రాలను కూడా గ్యాస్‌తోనే పొడవుగా కోశారు. డ్రాయింగులో రాసిన 4.6 గ్రేడ్ బోల్టు మెత్తని స్టీలే కాబట్టి కాల్చినంత మాత్రాన విరిగిపోదని మీరు అనవచ్చు. అది కొంతవరకు నిజం. వేడి కన్నా వంకరే ప్రమాదం. వంకర బోల్టును గాలి పైకి లాగినప్పుడు అది ముందు తిన్నబడుతుంది. అలా తిన్నబడుతూ చుట్టూ ఉన్న కాంక్రీటును నెడుతుంది, బేస్ ప్లేటు కొన్ని మి.మీ. లేస్తుంది. రెండు మూడు గాలిదుమారాలకు పునాది పైభాగం పెచ్చులూడుతుంది. తూర్పు వరుస మూడో కాలమ్ దగ్గర ఇప్పటికే వెంట్రుకవాసి పగులు కనిపిస్తోంది.

ఈ బోల్టులు కాలమ్‌ను చోటులో నిలబెట్టడానికే అనుకుంటే అంత గొడవ పడనక్కర్లేదు. తేలికపాటి షెడ్డులో వీటి అసలు పని షెడ్డును కిందికి పట్టి ఉంచడం. మీ డిజైన్ కాగితంలో హైదరాబాద్‌కు ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చిన సెకనుకు 44 మీటర్ల గాలివేగమే తీసుకున్నారు. ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు దాదాపు 1,162 న్యూటన్లు, అంటే దాదాపు 118 కిలోల ఒత్తిడి. పైకప్పు మీద లాగే గుణకం అంచులో, మధ్యలో వేరువేరుగా ఉంటుంది. షట్టర్ తెరిచి ఉంటే లోపలి గాలి కూడా తోడవుతుంది. వాటన్నిటికీ సగటున ఒకటి అనుకుని చూద్దాం. ఒక ఫ్రేము మోసే 54 చదరపు మీటర్ల పైకప్పును గాలి దాదాపు 6,400 కిలోలతో పైకి లాగుతుంది. షీట్లు, పర్లిన్లు, ఫ్రేము అన్నీ కలిపినా అంత విస్తీర్ణానికి బరువు సుమారు 1,100 కిలోలే. మిగిలిన 5,300 కిలోలను రెండు కాలమ్‌ల బోల్టులు, పునాదులే ఆపాలి. కాలమ్‌కు 2,650 కిలోలు. మీరు వేసిన 1.2 మీటర్ల చదరపు ఫుటింగు, దాని మీద గట్టిగా కొట్టిన మట్టితో కలిపి అంతకంటే ఎక్కువే తూగుతుంది. కాబట్టి పునాది సైజు మీద మాకు ఫిర్యాదు లేదు. ఆ బరువును కాలమ్‌కు కట్టే బోల్టు మీదనే ఉంది.

గ్రౌటింగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బేస్ ప్లేటు కింద 40 మి.మీ. ఖాళీ వదిలి, లెవెల్ సరిచేశాక నాన్ ష్రింక్ గ్రౌట్ పోయాలని మీ డ్రాయింగే చెబుతుంది. మీరు రెండు మూలల్లో చిన్న ఇనుప ముక్కలు దూర్చి, అంచు చుట్టూ సిమెంటు మెత్తి వదిలేశారు. సుత్తితో ప్లేటును మెల్లగా తడితే మధ్యలో బోలుగా మోగుతుంది. కాలమ్ బరువంతా రెండు ముక్కల మీద కూర్చుంది, వంకర బోల్టుల మీద అదనంగా వంపు పడుతోంది.

ఇక బ్రేసింగ్. పోర్టల్ ఫ్రేము షెడ్డుకు వెడల్పు దిక్కునే బలాన్నిస్తుంది. పొడవు దిక్కున ఆ అయిదు ఫ్రేములు ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టిన పలకలే. వాటిని ఒరిగిపోకుండా ఆపేది పైకప్పులోని ఎక్స్ బ్రేసింగు, దాన్నుంచి నేల దాకా దించే గోడ బ్రేసింగు. డ్రాయింగులో మొదటి రెండు ఫ్రేముల మధ్య ఉన్న బేలో పైకప్పుకు, రెండు పక్క గోడలకు ఎక్స్ రాడ్లు ఉన్నాయి. రోడ్డు వైపు అదే బేలో మేం పక్క షట్టర్ అడిగాం, మీరు ఒప్పుకున్నారు. కానీ అక్కడి గోడ బ్రేసింగు తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. షట్టర్ ఉండాలంటే ఎక్స్‌ను పక్క బేకు మార్చాలి. అక్కడా వీలు కాకపోతే షట్టర్ చుట్టూ గట్టి పోర్టల్ బ్రేసింగు పెట్టాలి. ఇది మీ ఇంజనీరుకు తెలియని విషయం కాదు. షట్టర్ కోరికను సైట్‌లో మౌఖికంగా ఒప్పుకుని, డ్రాయింగ్ మార్చకపోవడంతో వచ్చిన ఇబ్బంది ఇది.

పైకప్పులో పెట్టిన 16 మి.మీ. రాడ్లు ఉండి కూడా పనిచేయడం లేదు. కింద నిలబడి చూస్తే మధ్యలో సన్నగా జారి కనిపిస్తాయి. టర్న్ బకిల్ ఒక్కదానికీ లేదు, చివర నట్లు చేత్తో తిరుగుతున్నాయి. రాడ్డు బిగువుగా ఉంటేనే లాగుడుకు పనికొస్తుంది. వదులు రాడ్డుకు బలం పట్టేలోపే ఫ్రేము చాలాదూరం ఒరుగుతుంది. బిగించే ముందు కాలమ్ నిలువు గుండుతో చూడాలి, లేకపోతే ఒరిగిన స్థితిలోనే షెడ్డు బిగిసిపోతుంది.

పర్లిన్ల విషయంలో రెండు మాటలు. 150 మి.మీ. జెడ్ పర్లిన్లు 1.2 మీటర్ల దూరంలో, సైజు, దూరం రెండూ డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. కానీ మధ్యలో వేయాల్సిన 12 మి.మీ. సాగ్ రాడ్లు పడమర వాలులో లేవు, అందుకే అక్కడి పర్లిన్లు కొంచెం మెలిక పడి షీటు గీత వంకరగా పోయింది. కొన్నిటి పై అంచు శిఖరం వైపు తిరిగి ఉండాల్సింది గట్టర్ వైపు ఉంది. ఇవి చిన్నవే. పెద్దది రాఫ్టర్ కింది అంచుకు పర్లిన్ నుంచి వెళ్ళాల్సిన 40×40×5 యాంగిల్ ముక్కలు అసలు లేకపోవడం. పర్లిన్లు రాఫ్టర్ పై అంచునే పట్టుకుంటాయి. మామూలు బరువుకు అంచు దగ్గర, గాలి పైకి లాగినప్పుడు మధ్య భాగంలో రాఫ్టర్ కింది అంచే నలుగుతుంది, అది పక్కకు వంగి మెలితిరగకుండా ఆపేవి ఆ యాంగిల్ ముక్కలే. వాటి ఖర్చు షెడ్డు ధరలో లెక్కలోకి కూడా రాదు, అయినా ఎరెక్షన్‌లో మొదట ఎగ్గొట్టేది అవే.

పైకప్పు షీట్లకు స్క్రూలు అన్ని చోట్లా ఒక అల విడిచి ఒక అలకు కొట్టారు. మధ్యలో అలా సరిపోతుంది. గట్టర్ దగ్గర, శిఖరం దగ్గర, రెండు చివరల గోడల పక్కన గాలి లాగుడు ఎక్కువ, అక్కడ ప్రతి అలకూ స్క్రూ ఉండాలి. చాలా స్క్రూల కింద రబ్బరు వాషర్ అంచుదాటి బయటికి పిండుకుపోయింది. అంటే డ్రిల్లు ఆపకుండా బిగించారు. అది ఎండకు ఒకటి రెండేళ్ళలో చిట్లి నీరు వదులుతుంది. పర్లిన్‌కు తగలక ఖాళీలో పోయిన స్క్రూలు తీసిన చోట రంధ్రాలు అలాగే ఉన్నాయి. షెడ్డులో లైటు ఆర్పి పైకి చూస్తే మీకే కనిపిస్తాయి.

మేం కోరేది ఇది. పక్క గోడల షీట్లు ఎక్కించడం వెంటనే ఆపండి. తూర్పు వరుసలో ఒక్కో కాలమ్‌ను తాత్కాలికంగా గై రోప్‌లతో కట్టి, వంచిన బోల్టులను కాంక్రీటు మట్టానికి కోసి వదిలేయండి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. బేస్ ప్లేటు సరైన స్థానంలో ఉన్నాక కెమికల్ యాంకర్ వేయండి. 20 మి.మీ. రాడ్డుకు 24 మి.మీ. రంధ్రం, లోతు తయారీదారు పట్టిక ప్రకారం, కనీసం 170 మి.మీ. రంధ్రంలో దుమ్మును బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయకపోతే ఆ మందు పట్టదు కాబట్టి ఆ పని మా ఎదుటే జరగాలి. పునాది అంచుకు దగ్గరగా వచ్చే చోట మీ ఇంజనీరు విడిగా లెక్క చూసి సంతకం చేయాలి. పొడవుగా కోసిన రంధ్రాల మీద 22 మి.మీ. రంధ్రం ఉన్న 10 మి.మీ. ప్లేటు వాషర్లు పెట్టి చుట్టూ వెల్డు చేయండి. తర్వాత గ్రౌటింగు, దాని తర్వాతే బ్రేసింగు బిగించడం. షట్టర్ వైపు బ్రేసింగుకు మార్చిన డ్రాయింగ్ ముందు మాకు పంపండి. యాంగిల్ ముక్కలు, సాగ్ రాడ్లు, అంచు స్క్రూలు ఆ వెంటే.

రోహిణి కార్తె గాలుల లోపు ఈ పని ముగియాలి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో మీ ఇంజనీరు సైట్‌కు వచ్చి, ఏ పని ఏ తేదీకో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒప్పందంలోని చివరి 10 శాతం ఎరెక్షన్ సరిచూశాకే చెల్లించాలన్న షరతు ప్రకారం ఆ మొత్తాన్ని ఆపుతున్నాం. గడువు దాటితే బయటి స్ట్రక్చరల్ ఇంజనీరుతో సరిచేయించి, ఆ ఖర్చును ఆ మొత్తం నుంచే తీసుకుంటాం. కర్ణాల కొలతల కాగితం, బోల్టుల ఫోటోలు, పగులు ఫోటో జతపరిచాం.

ఇట్లు,
షెడ్డు యజమానులు,
గీసుగొండ మండలం, వరంగల్ జిల్లా