సైంటిస్టుల రెజ్యూమెలపై మా షాపు అప్‌డేట్ (కొత్త రేటుతో సహా)

"అన్నయ్యా, నావి 9 పేపర్లున్నాయి, టెక్నిక్స్ 23 రాశాను. హైదరాబాద్‌లో టెస్ట్ కిట్లు చేసే కంపెనీల ఆర్ అండ్ డీకి పెడుతుంటే ఒక్క కాల్ కూడా రావట్లేదు. ఇంకేం కలపమంటారు?"

ఏమీ కలపొద్దన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు, కాసేపు అలిగింది కూడా. ఈ మధ్య పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇదే ప్రశ్నతో వరసగా వస్తున్నారు కాబట్టి, మేం ఏం చేస్తాం, ఎందుకు ఎక్కువ తీసుకుంటాం అన్నది అందరికీ ఒకేసారి చెప్పేద్దామని ఈ పోస్టు. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఆమె కేసు రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు రేటు సంగతి. మామూలు రెజ్యూమె 300కే, మారలేదు. ల్యాబ్ రీసెర్చ్ చేసినవాళ్లది ఇకనుంచి 1,500, పైగా ఒక్క రాత్రిలో ఇవ్వం. భీమవరంలో ఇది ఎక్కువే, తెలుసు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో 150కి బోర్డరు, ఫొటో, తండ్రి పేరు, కింద డిక్లరేషన్ అన్నీ వేసి చేతిలో పెట్టేస్తారు. కంపెనీ రీసెర్చ్ ఉద్యోగానికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. మేం తీసుకునే డబ్బు టైపింగుకి కాదు, మీ ల్యాబ్ నోట్‌బుక్ ముందు పెట్టుకుని మీతో గంటలు గంటలు కూర్చున్నందుకు. షాపు పెట్టకముందు నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ కొత్తవాళ్ల రెజ్యూమెలు మా టేబుల్ మీదికి వచ్చేవి, అందుకే చదివేవాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతాయో కొంచెం తెలుసు.

ఇక కేసు. ఆ అమ్మాయి పీహెచ్‌డీ అంతా రొయ్యల జబ్బు మీదే, ఈహెచ్‌పీ. కాళ్ల, మొగల్తూరు వైపు చెరువులున్నవాళ్లకి ఈ పేరు నేను చెప్పాల్సిన పనిలేదు. రొయ్య చావదు, మేత తింటూనే ఉంటుంది, కానీ కౌంటు రాదు, ఒకే చెరువులో పెద్దవీ చిన్నవీ కలిసిపోతాయి. రొయ్య హెపటోపాంక్రియాస్‌లో చేరే సూక్ష్మజీవి అది, దాన్ని పీసీఆర్‌తో పట్టుకుంటారు. ఆమె తెచ్చిన రెజ్యూమెలో మొదటి పేజీ సగం పేపర్ల పేర్లే, జర్నల్ పేరు, వాల్యూమ్, పేజీ నంబర్లు, ఏడుగురేసి రచయితలు. పాత రెజ్యూమెలో ఆమె అసలు పని మీద ఉన్న లైను ఇది: "ఈహెచ్‌పీ గుర్తింపుకు సున్నితమైన, నమ్మదగిన రియల్ టైమ్ పీసీఆర్ పద్ధతిని అభివృద్ధి చేశాను."

ఈ లైనులో తప్పేమీ లేదు. కాకపోతే పీసీఆర్ ముట్టుకున్నవాళ్లెవరైనా ఇదే రాస్తారు. అందుకని పేపర్ పక్కన పెట్టించి ఒక్కటే అడిగాను. ఈ పని చేస్తుండగా ఎక్కడ ఆగిపోయావు, ఎలా బయటపడ్డావు అని.

అప్పుడు చెప్పింది అసలు కథ. జబ్బు ఉందని కళ్లకి తెలుస్తున్న చెరువుల నుంచి తెచ్చిన శాంపిళ్లు కొన్ని నెగెటివ్ వస్తున్నాయి, కొన్ని ఆలస్యంగా పాజిటివ్ వస్తున్నాయి. గైడు ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో జబ్బు డీఎన్ఏని వెతికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు, మార్చమన్నారట. ఆమె మార్చలేదు, ముందు అదే డీఎన్ఏని పది రెట్లు పలచన చేసి మళ్లీ నడిపింది. ఇక్కడ లెక్క కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. రియల్ టైమ్ పీసీఆర్‌లో సిగ్నల్ ఎన్నో సైకిల్లో లేచిందో ఆ అంకెని సీటీ అంటారు, డీఎన్ఏ ఎంత తక్కువుంటే సీటీ అంత పెరుగుతుంది. అంతా సవ్యంగా ఉంటే పది రెట్లు పలచన చేసినప్పుడు సీటీ దాదాపు 3.3 పెరగాలి. ఆమెకి ఒక శాంపిల్లో 34 ఉన్నది 37 దాటాల్సింది పోయి 31కి దిగింది. అంటే డీఎన్ఏ ఉంది, దాంతోపాటు ఆ కణజాలంలోంచి వచ్చిన ఏదో పదార్థం రియాక్షన్‌ని అడ్డుకుంటోంది, పలచన చేసేసరికి ఆ అడ్డు తగ్గింది. ప్రైమర్లది తప్పు కాదని తేలిపోయింది. తర్వాత డీఎన్ఏ తీసే పద్ధతిలో కాలమ్ మార్చి, ఒక వాష్ పెంచింది, మళ్లీ పలచన చేసి చూస్తే 27.1 నుంచి 30.5కి, ఉండాల్సినట్టే పెరిగింది.

ఇదంతా పేపర్‌లో ఎక్కడుందమ్మా అంటే, మెథడ్స్‌లో ఒకటిన్నర లైను. రెజ్యూమెలో? సున్నా.

కిట్లు తయారుచేసే కంపెనీకి కావాల్సింది సరిగ్గా ఆ ఒకటిన్నర లైనే. వాళ్ల రోజువారీ తలనొప్పి అదే కదా, ల్యాబ్‌లో శుభ్రమైన డీఎన్ఏ మీద బ్రహ్మాండంగా నడిచిన టెస్టు నిజం శాంపిల్ మీద మొరాయించడం. కాబట్టి ఆ లైను ఇలా మారింది. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుందండి, విషయం తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను: "రొయ్య హెపటోపాంక్రియాస్ శాంపిళ్లలో తప్పుడు నెగెటివ్‌లకు కారణం పీసీఆర్‌ని అడ్డుకునే పదార్థాలని డైల్యూషన్ పరీక్షతో తేల్చి, డీఎన్ఏ తీసే పద్ధతి మార్చాను, హిస్టాలజీలో పాజిటివ్ అయిన 40 శాంపిళ్లలో పట్టుకున్నవి 29 నుంచి 38కి పెరిగాయి, 20 నెగెటివ్ శాంపిళ్లూ నెగెటివ్‌గానే ఉన్నాయి."

చివర్లో ఆ 20 ఎందుకు పెట్టించానంటే, పాజిటివ్‌లు పెరిగాయని మాత్రమే చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకి వెంటనే అనుమానం వస్తుంది, ల్యాబ్‌లో కంటామినేషన్ వల్ల అన్నీ పాజిటివ్ అవుతున్నాయేమో అని. నెగెటివ్‌లు నిలబడ్డాయని అదే వాక్యంలో చెబితే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. ఇంకో మాట, పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే కణజాలాన్ని రెండు ముక్కలు చేసి నడిపారా, వేరే వేరే రొయ్యల మీదా అని అడిగాను. ఒకే కణజాలమట, నోట్‌బుక్‌లో ఉంది. వేరే రొయ్యలైతే 29, 38 పక్కపక్కన రాయనిచ్చేవాణ్ణి కాదు.

ఆమెకి బాగా ఇష్టమైన అంకె ఒకటి తీయించేశాను, అక్కడే గొడవైంది. పేపర్‌లో "10 కాపీల వరకు పట్టుకుంటుంది" అని ఉంది. ఎన్నిసార్లు నడిపావంటే మూడు రెప్లికేట్లు, మూడూ పాజిటివ్. జర్నల్ వాళ్లు ఒప్పుకున్నారు, సంతోషం. కానీ కిట్ల కంపెనీలో డిటెక్షన్ లిమిట్ అంటే మామూలుగా వంద సార్లు నడిపితే 95 సార్లు పట్టుకునే మోతాదు, అందుకోసం ఒక్కో మోతాదు దగ్గర 20 దాకా రెప్లికేట్లు నడుపుతారు. సగం సార్లే పట్టుకునే టెస్టుకి కూడా మూడుకి మూడు పాజిటివ్ రావడం ఎనిమిదింట ఒకసారి జరుగుతుంది, బొమ్మా బొరుసా వేసినట్టే లెక్క. ఆ అంకె చూసి వాళ్లు "ఎన్ని రెప్లికేట్లు?" అంటారు, మూడు అనగానే మిగతా అంకెల మీద కూడా నమ్మకం సడలుతుంది. ఇదే కారణంతో "వాలిడేట్ చేశాను" అన్నదీ తీసేశాం, పని జరిగింది ఒకే మెషిన్ మీద, ఒకే ల్యాబ్‌లో. జీఎల్‌పీ అంటే రాతపూర్వక నియమాలు, రికార్డులు, తనిఖీలతో ల్యాబ్ నడిపే పద్ధతి, ఆ అనుభవం ఉందని రాయమన్నా రాయం, యూనివర్సిటీ ల్యాబ్‌లో జాగ్రత్తగా పనిచేయడం వేరు, అది వేరు.

తీసేసినదానికి బదులు మంచిదే దొరికింది. మాటల్లో మాటగా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకొచ్చిన ఇద్దరు పిల్లలకి తను రాసిన ప్రొటోకాల్ కాగితం ఇస్తే వాళ్లే నడిపేవారని చెప్పింది. వాళ్ల సీటీలు నీ సీటీలతో కలిశాయా అంటే, అవే శాంపిళ్లు నడిపినప్పుడు అర సైకిల్ లోపే తేడా అంది. ఇది ఎక్కడా రాయలేదేం అంటే "అది రీసెర్చ్ కాదు కదా అన్నయ్యా" అని నవ్వింది. అది రీసెర్చ్ కాకపోవచ్చు, కానీ కంపెనీలో నువ్వు తయారుచేసిన పద్ధతిని రేపు ఇంకో టీమ్ నడపాలి, నీ చేతిలో తప్ప పనిచేయని పద్ధతి వాళ్లకెందుకు? ఆ విషయం ఇప్పుడు రెండో లైను.

టెక్నిక్స్ 23 సంగతి. ఒక్కోదానికీ ఒకే ప్రశ్న వేశాను, అది పాడైతే నువ్వే బాగుచేసుకున్నావా అని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అని ఉంది, శాంపిల్ ఫిక్స్ చేసి పంపింది ఈమె, ఫొటో తీసింది అక్కడి ఆపరేటర్. సీక్వెన్సింగ్ అని ఉంది, బయటికి పంపించారు, వచ్చిన డేటా చూసి సరిపోల్చింది మాత్రం ఈమే. కాబట్టి "సీక్వెన్స్ డేటా విశ్లేషణ" అయింది. ఫ్లో సైటోమెట్రీ ఒక వర్క్‌షాపులో చూసింది, పోయింది. చివరికి తన చేత్తో చేసి, తేడా వస్తే సరిచేసుకున్నవి పైన, ప్రొటోకాల్ చూసి చేయగలిగినవి వాటి కింద, మొత్తం 11 మిగిలాయి. ఒక చిన్న విషయం, ఉద్యోగ ప్రకటనలో రియల్ టైమ్ పీసీఆర్ అని ఉండి మీరు క్యూపీసీఆర్ అని మాత్రమే రాస్తే, హెచ్ఆర్‌లో వెతికేవాళ్లకి రెండూ ఒకటేనని తెలియకపోవచ్చు. ఒక్కసారైనా రెండు పేర్లూ కలిపి రాయండి.

పేపర్లు ఎక్కడికీ పోలేదు. రెండో పేజీ చివర మూడే ఉన్నాయి, మూడింట్లోనూ ఆమే మొదటి రచయిత, మిగతావాటికి ప్రొఫైల్ లింకు. ఇంకా రివ్యూలో ఉన్న పేపర్‌కి జర్నల్ పేరు రాయం. పేటెంట్ వేసి ఇంకా ప్రచురణ కాకపోతే (మన దేశంలో మామూలుగా 18 నెలలు పడుతుంది) లోపలి వివరాలేమీ రెజ్యూమెలో పెట్టొద్దు, పెట్టేముందు గైడుని అడగండి. కంపెనీవాళ్లు మీ రహస్యం చదివి సంతోషించరు, రేపు మాది కూడా ఇలాగే బయటపెడతాడేమో అనుకుంటారు.

అన్ని ఉద్యోగాలకీ ఈ రెజ్యూమె పనికిరాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కో పోస్ట్‌డాక్‌కో పెట్టేవాళ్లు పేపర్ల పూర్తి జాబితానే ఇవ్వాలి, అది మామూలు రేటుకే చేసిస్తాం. ఫార్ములేషన్, సింథసిస్ చేసినవాళ్ల దగ్గర ప్రశ్నలు వేరుగా ఉంటాయి, దిగుబడి ఎంత, ఎన్ని గ్రాముల దాకా చేశారు, ఇంప్యూరిటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎలా పట్టుకున్నారు, ఇలా. మెడిసినల్ కెమిస్ట్రీ గానీ కంప్యుటేషనల్ పని గానీ అయితే నాకంత పట్టులేదు, డబ్బు తీసుకోకుండానే చెప్పేస్తాను.

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. రెండు చోట్ల నుంచి ఫోన్ ఇంటర్వ్యూకి పిలిచారు, ఒకచోట పలచన చేసిన సంగతే చాలాసేపు అడిగారట. ఇంకా ఏదీ ఖాయం కాలేదు, అయిందని బోర్డు మీద రాసుకోను.

వచ్చేవాళ్లు నోట్‌బుక్ గానీ దాని ఫొటోలు గానీ, మీరు పెట్టదలచుకున్న ఉద్యోగ ప్రకటన ఒకటి, మీ థీసిస్ మెథడ్స్ చాప్టర్ తెచ్చుకోండి. సర్టిఫికెట్ల ఫైలు అక్కర్లేదు. శని, ఆదివారాలు మధ్యాహ్నం నుంచి వీటికే ఉంచాను, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు ముందురోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి బయల్దేరండి.