వార్షిక నివేదిక 2025–26: గుడి దగ్గర మెడికల్ క్యాంపు, దాని కోసం తీసిన అరవై సెకన్ల వీడియో

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది లెక్కలు, గుడి సున్నాలు, అన్నదానం వివరాలు వేరే పేజీల్లో ఉన్నాయి, అవి చూసుకోండి. ఇక్కడ క్యాంపు వీడియో గురించే రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది సభ్యులు ఆ వీడియోలో గుడి చరిత్ర లేదేంటి, దాతల పేర్లు లేవేంటి అని అడిగారు, అడగడంలో తప్పులేదు, అందుకే స్క్రిప్టు ఎలా తయారైందో వివరంగా చెప్తున్నాను.

మన ఉద్దానం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు ఏ వీధిలో చూసినా ఒక కిడ్నీ పేషెంటు ఉంటారు. అయినా క్యాంపు పెడితే వచ్చేది ఎవరంటే ఆల్రెడీ జబ్బు ఉందని తెలిసినవాళ్ళే. తోట పనికి, వేటకి వెళ్ళే నలభై, యాభై ఏళ్ళ మగవాళ్ళు రారు. నాకేటైంది, బాగానే ఉన్నాను కదా అంటారు. కిడ్నీ జబ్బుతో ఇబ్బందే అది, మొదట్లో నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది, కాళ్ళు వాచి ఆకలి పోయేసరికి కిడ్నీ చాలావరకు దెబ్బతినేసి ఉంటుంది. కాబట్టి వీడియో ఆ ఒక్క మాటకి జవాబు చెప్తే చాలు అనుకున్నాం, మిగతావన్నీ తీసేశాం.

అరవై సెకన్లలో తెలుగులో తొందరపడకుండా మాట్లాడితే తొంభై, వంద మాటల కంటే పట్టవు. మన మాటలు పొడుగు కదా. పెద్దవాళ్ళకి అర్థమవ్వాలంటే ఇంకా తక్కువే. దాతల పేర్లు చదివితేనే సగం టైం అయిపోతుంది, అందుకని అవి మండపం బోర్డు మీద పెట్టాం. చివరికి నిలిచిన స్క్రిప్టు ఇది.

మొదటి ఆరు సెకన్లు: కొబ్బరి తోటలో పెద్దాయన. "నాకేటైంది బావూ, బాగానే ఉన్నాను కదా, టెస్టెందుకు?"

ఇరవై వరకు: నర్సమ్మ. "కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పెట్టదు తాతా. కాళ్ళు వాచేసరికి చాలా దూరం వెళ్ళిపోద్ది. రక్తం, మూత్రం చూస్తేనే ముందుగా తెలుస్తాది."

ముప్ఫై రెండు వరకు: పూజారి గారు మండపం ముందు. "నవంబరు 9, 2025, ఆదివారం. మన గుడి కల్యాణ మండపం. పొద్దున్న ఏడు నుంచి ఒంటిగంట దాకా. డబ్బులేటీ కట్టక్కర్లేదు."

యాభై వరకు: మళ్ళీ నర్సమ్మ. "పరగడుపున రండి, నీళ్ళు మాత్రం తాగండి. ముందురోజు రాత్రి నీసు తినొద్దు. బీపీ మాత్ర మానకండి. షుగరు మాత్ర వెంట తెచ్చుకోండి, టిఫిన్ తిన్నాక వేసుకుందురు. పాత చీటీలు, వాడే మందుల స్ట్రిప్పులు అన్నీ సంచిలో వేసుకుని రండి."

చివర: పెద్దాయన, "ఒళ్ళు నొప్పుల బిళ్ళలు కూడానా?" నర్సమ్మ, "అవే ముందు తేవాలి తాతా."

ఇందులో ఒక్కో మాట ఎందుకుందో చెప్తాను. పరగడుపు అనేది షుగరు టెస్టు కోసం, కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తంలో చూసే క్రియాటినిన్ టెస్టుకి అక్కర్లేదు. కానీ పరగడుపు అంటే మనవాళ్ళు నీళ్ళు కూడా ముట్టరు, ఎండలో లైన్లో నిలబడి వాడిపోతారు, ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, అనవసరంగా భయపడిపోతారు. వండిన మాంసం ఎక్కువ తిన్నా అంతే, కొన్ని గంటలు ఆ అంకె పెరుగుతుంది. కార్తీకమాసంలో పెట్టడం ఇక్కడ కలిసొచ్చింది, చాలా ఇళ్ళల్లో నీసు ఎలాగూ ఉండదు. బీపీ మాత్ర సంగతి కూడా ముఖ్యమే, టెస్టు కదా అని ఆ పూట మానేసి వస్తారు, బీపీ ఎక్కువ చూపిస్తుంది, వాడుతున్న మందు పనిచేస్తుందా లేదా అనేది డాక్టరు గారికి తెలీదు.

ఇక ఒళ్ళు నొప్పుల బిళ్ళలు. నాకు ఈ స్క్రిప్టు మొత్తంలో ప్రాణం లాంటి లైను ఇదే. మీరు మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు గారు అడిగితే లేదనే చెప్తారు, అబద్ధం కాదు, పని నుంచి వచ్చి కొట్టులో కొనుక్కుని వేసుకునే నొప్పి బిళ్ళని వాళ్ళు మందు కింద లెక్కెయ్యరు. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వాడితే కిడ్నీకి దెబ్బ, ఆల్రెడీ బలహీనంగా ఉన్న కిడ్నీకి ఇంకా దెబ్బ. క్యాంపు రోజు ఒకాయన జేబులోంచి సగం వాడిన స్ట్రిప్పు తీసి టేబుల్ మీద పెట్టారు, వెనక రేకు చిరిగిపోయి పేరు కూడా సగమే ఉంది, డాక్టరు గారు దాన్ని దీపం దగ్గరికి పట్టుకుని చదివి, రోజుకి ఎన్ని, ఎన్నాళ్ళ నుంచి అని ఆయన్ని కూర్చోబెట్టి అడిగారు. ఆ లైను లేకపోతే ఆ స్ట్రిప్పు ఆయన జేబులోనే ఉండేది.

తేదీ మొత్తం ఏడాదితో సహా చెప్పించడానికి కారణం వాట్సాప్. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అని చెప్తే ఆ వీడియో ఆరు నెలల తర్వాత కూడా ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది, దూరం నుంచి ఆటో కట్టించుకుని వచ్చినవాళ్ళు తాళం చూసి వెళ్ళాల్సొస్తుంది. అందుకే తేదీ మాటలోనూ ఉంది, మొదటి నుంచి చివరిదాకా స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లోనూ ఉంది. సౌండు తీసేసి చూసేవాళ్ళకి కూడా అదే ఆధారం.

కావాలనే చెప్పనివి కూడా ఉన్నాయి. ఉచిత వైద్యం అనలేదు. ఆ మాట వింటే డయాలసిస్, ఆపరేషన్ అన్నీ ఇక్కడే అనుకుని ఆశతో వస్తారు, మన దగ్గర ఉన్నది పరీక్ష, డాక్టరు సలహా, అంతే. నీళ్ళ వల్లే జబ్బు అని పెట్టమని కమిటీలో కొందరు గట్టిగా అన్నారు, పెట్టలేదు. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఉద్దానం జబ్బుకి ఒకే కారణం ఇదీ అని తేలలేదు, గుడి పేరుతో మనం తేల్చేస్తే ఎలా. పేషెంట్ల మొహాలు చూపించలేదు, వీడియోలో పెద్దాయన మన సభ్యుల్లో ఒకరే, క్యాంపుకి ముందే తీశాం. ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు కదా, ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బంట అని ఒక్క మాట బయటికొస్తే పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుంది.

షూటింగు ఫోనుతోనే, ఫోను నిలువుగా పట్టుకుని. తోటలో గాలికి కొబ్బరాకుల చప్పుడు మాట కంటే ఎక్కువ పడుతుంది, కాబట్టి పెద్దాయన మాట తర్వాత గర్భగుడి పక్క గదిలో ఫ్యాను ఆపి రికార్డు చేసి కలిపారు మన కుర్రాళ్ళు. నర్సమ్మ గారిది ఇదే ఊరు, అందుకే ఆవిడ మాటని అలాగే ఉంచాం, పుస్తకం భాషలోకి మార్చలేదు.

క్యాంపుకి ఈసారి మగవాళ్ళు గతం కంటే బాగా వచ్చారు, సంచుల్లో చీటీలు కూడా తెచ్చారు. క్రియాటినిన్ ఎక్కువ వచ్చినవాళ్ళకి డాక్టరు గారు చెప్పిందేంటంటే, ఒక్క రిపోర్టుతో జబ్బు ఖాయం కాదు, మూడు నెలలు దాటాక కూడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు, ఈలోపు పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకోండి అని చీటీ రాసిచ్చారు. అంకె మరీ ఎక్కువ ఉన్నవాళ్ళని మాత్రం ఆగకుండా వెంటనే వెళ్ళమన్నారు.

రిపోర్టులు మర్నాడు సాయంత్రం గుడి ఆఫీసులో ఇచ్చాం, కొన్ని ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, మీ వీధివాళ్ళవి ఉంటే కవరు తెరవకుండా వాళ్ళ చేతికే ఇవ్వండి. వచ్చే ఏడాది స్క్రిప్టులో రిపోర్టు ఎప్పుడు, ఎక్కడ తీసుకోవాలో ఒక వాక్యం చేరాలి, దానికి ఐదు సెకన్లు కావాలి, పూజారి గారి భాగంలోంచి టైం వివరాలు స్క్రీన్ మీదకి మార్చి ఆ ఐదు సెకన్లు తీద్దామని నా ప్రతిపాదన, సర్వసభ్య సమావేశంలో మీ మాట చెప్పండి.