ఆవగింజంత స్క్రూ, అగ్గిపెట్టెలో

రాజమండ్రి
ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు "నాన్నా, కళ్ళజోడు కుడి కాడ ఊగిపోతోంది, రూమ్మేట్ దగ్గర క్విక్ గ్లూ ఉంది, ఒక చుక్క వేసేయనా?" అని అడిగితే కాస్త గట్టిగానే అరిచాను. ఏమైందోనని మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళు కళ్ళజోళ్ళ షాపులో వెనక బల్ల దగ్గర కూర్చున్నవాడి కూతురు ఆ మాట అనేసరికి ఆగలేకపోయాను. తిట్టడమైతే తిట్టాను గానీ ఏం చేయాలో సరిగ్గా చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

దీంతో పాటు ఒక అగ్గిపెట్టె పంపుతున్నాను. దాన్ని మంచం మీద తెరవకు. స్టీలు పళ్ళెంలో తెల్ల రుమాలు పరిచి, దాని మీద తెరువు. అందులో కాగితం పొట్లంలో మూడు స్క్రూలున్నాయి. అవి కింద పడితే వెతకడానికి నా కళ్ళు కూడా సరిపోవు. ఒక చిన్న స్క్రూడ్రైవర్, రెండు పళ్ళపుల్లలు కూడా పెట్టాను. పుల్లలెందుకో చివర్లో చెప్తాను.

ముందు నీ కళ్ళజోడు తిప్పి, కాడ ముందు భాగానికి కలిసే చోట చూడు. తలుపు బందు లాంటిదే చిన్నది కనిపిస్తుంది. నీ ఫ్రేమ్ నేనే ఎంచాను కాబట్టి గుర్తుంది, దానికి మూడు రింగులు. పైదీ కిందదీ ముందు భాగానివి, మధ్యది కాడది. ఈ మూడింట్లోంచీ ఒకే స్క్రూ నిలువుగా దిగుతుంది. పై రింగు లోపలా మధ్య రింగు లోపలా నున్నగా ఉంటుంది. మరలు కింది రింగులో మాత్రమే ఉంటాయి. అంటే స్క్రూ పట్టుకునేది కింద ఒక్కచోటే, అదీ రెండు మూడు చుట్లు మాత్రమే. పైన అది ఇరుసులా ఉంటుంది, కాడ దాని చుట్టూ తిరుగుతుంది.

స్క్రూ ఎందుకు వదులవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాడ తెరిచినప్పుడూ మూసినప్పుడూ మధ్య రింగు స్క్రూని రుద్దుతూ వెంట్రుకవాసి కదిలిస్తుంది. రోజుకి నాలుగైదు సార్లు తీసి పెడుతుంటే ఆర్నెల్లకి అది ఒక చుట్టు పైకి వచ్చేసి ఉంటుంది. దానికి తోడు నువ్వు ఒంటిచేత్తో కుడివైపు నుంచి లాగి తీస్తావు. పదో తరగతి నుంచి చెప్తున్నాను, వినవు. అలా లాగితే ఆ కాడ బయటికి వంగుతుంది, బరువంతా ఆ ఒక్క స్క్రూ మీదే పడుతుంది. ఎడమది గట్టిగా ఉండి కుడిదే ఊగడానికి కారణం అదే.

ఇక జిగురు సంగతి. నువ్వు వేద్దామనుకున్న చుక్క నీళ్ళకంటే పెద్ద చిక్కగా ఏం ఉండదు. సన్నటి సందు దొరికితే చాలు, ఒత్తిలోకి నూనె పాకినట్టు పాకిపోతుంది. కింది రింగు మరల దగ్గరే ఆగమంటే ఆగదు. మూడు రింగుల మధ్యకీ వెళ్ళి, గాలిలో ఉన్న తడితో నిమిషంలో గట్టిపడుతుంది. అప్పుడు స్క్రూతో పాటు కాడ కూడా బిగుసుకుపోతుంది. తిరగాల్సినదాన్నీ తిరగకూడనిదాన్నీ కలిపి ఒకే ముద్ద చేస్తుంది. మర్నాడు నువ్వు కాడ మడవబోతావు, కదలదు. ఇంకాస్త బలంగా నొక్కుతావు. ఆ బలం బందుని లోపల పట్టుకుని ఉన్న ప్లాస్టిక్ మీద పడుతుంది. ఐదు రూపాయలు చేయని స్క్రూ కోసం ఫ్రేమే పోతుంది.

మీ పెదనాన్న చేసింది ఇదే. నీకప్పుడు మూడేళ్ళు. పెళ్ళికి బయల్దేరేముందు రాత్రి కాడ ఊడిందని రెండు చుక్కలు జిగురు వేసి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పొద్దున్న తీస్తే కుడి అద్దం మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొర. జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి మూసిన డబ్బాలో ఎటూ పోలేక అద్దం మీద పేరుకుంది. తుడిస్తే పోలేదు. మీ పెద్దమ్మ గోళ్ళరంగు తుడిచే ద్రవం ఇచ్చింది. అందులో ఎసిటోన్ ఉంటుంది, అది జిగురుని కరిగించే మాట నిజమే. కానీ ఆ ఫ్రేమ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌ది, ఎసిటోన్‌కి అది కూడా కరుగుతుంది. తుడిచిన చోటల్లా ఫ్రేమ్ మెరుపు పోయి జిగటగా అయింది, ఆయన వేలిముద్ర అందులో పడిపోయింది. అద్దాలు పాలికార్బొనేట్‌వి అయ్యుంటే అవి కూడా సన్నటి బీటలు వారేవి. ఆయనవి మామూలు ప్లాస్టిక్ అద్దాలు, అంతవరకూ అదృష్టం. పెళ్ళి ఫోటోల్లో ఆయన కళ్ళు చికిలించి చూస్తుంటాడు, ఈసారి గమనించు.

నీదీ ఎసిటేట్ ఫ్రేమే. కాబట్టి ఒకసారి జిగురు పడిందంటే ఇంట్లో తీసే దారి లేదు. షాపుకి తీసుకెళ్ళినా స్క్రూ తలలో గాడి పూడిపోయి ఉంటుంది, డ్రైవర్ ఆనదు. డ్రిల్లుతో తొలిచి తీయాలి. నా బల్ల మీదకి అలాంటివి వస్తే ముందే చెప్పేవాణ్ణి, "విరిగితే నా పూచీ లేదు" అని.

సరే, ఇప్పుడు పని. పగటి వెలుతురులో కూర్చో. స్క్రూ పడిపోయిందా, వదులై ఉందా అన్నది ముందు చూడు. ఉంటే కొత్తది అక్కర్లేదు, బిగిస్తే చాలు. దానికంటే ముందు ఇంకోటి. కాడని నిటారుగా తెరిచాక ఇంకొంచెం బయటికి వెళ్ళి, వదలగానే తనంతట వెనక్కి వస్తే అది స్ప్రింగు బందు. నీది అలాంటిది కాదని నాకు గుర్తు, అయినా చూసుకో. స్ప్రింగుదైతే ఉన్న స్క్రూ బిగించు గానీ తీయకు. తీస్తే స్ప్రింగు రింగుని లోపలికి లాక్కుంటుంది, మళ్ళీ రంధ్రాలు ఎదురెదురుగా తేవడం షాపువాళ్ళకే చెమటలు పట్టించే పని.

అద్దం మీద కాగితం టేపు అతికించు. డ్రైవర్ జారిందంటే గీత పడేది అక్కడే. కళ్ళజోడుని గాల్లో పట్టుకోకు. లావాటి పుస్తకం అంచున బందు ఆనేలా పెట్టి, డ్రైవర్ మొన ఎదురుగా వేలు లేకుండా చూసుకో. మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి. చాకు మొనతో తిప్పితే గాడి అరిగిపోతుంది, తర్వాత సరైన డ్రైవర్ వచ్చినా పట్టదు. నిటారుగా నొక్కి కుడివైపుకి పావు చుట్టు తిప్పు. ఆపి, కళ్ళజోడుని పక్కకి ఒరిగించి కాడని సగం మడిచి వదులు. తన బరువుకి తనే జారిపోతే ఇంకా వదులు. మధ్యలో నిలబడితే సరిపోయింది. మడవడానికి బలం పెట్టాల్సి వస్తే ఎక్కువైంది, కొంచెం వెనక్కి తిప్పు.

స్క్రూ లేకపోతే పొట్లంలోది తీసుకో. వాటిలో రెండు 1.4 మిల్లీమీటర్ల మందానివి, నీ ఫ్రేమ్‌కి సరిపోవాలి. మూడోది 1.2, ఒకవేళ నా లెక్క తప్పితే పనికొస్తుందని వేశాను. మూడు రింగుల రంధ్రాలూ ఒక వరసలోకి తెచ్చి, ఆ చివర వెలుతురు కనబడుతోందో లేదో చూసుకున్నాకే పైనుంచి స్క్రూ దించు. కింది రింగుకి తగలగానే బిగించడం మొదలుపెట్టకు. మొదట ఎడమవైపుకి, అంటే విప్పే వైపుకి, మెల్లగా తిప్పు. ఒకచోట 'టిక్' అని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. స్క్రూ మర రింగు మరలో కూర్చున్న చోటు అది. అక్కణ్ణుంచి కుడికి తిప్పితే వెన్నలోకి దిగినట్టు వెళ్తుంది. మొదటి చుట్టులోనే గట్టిగా తగిలిందంటే వంకరగా ఎక్కుతోందని అర్థం, వెంటనే వెనక్కి తీసేయి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళు పాడుచేసిన ఫ్రేములన్నీ ఈ ఒక్క దగ్గరే పాడయ్యాయి.

మళ్ళీ వదులవకుండా ఏదైనా పూయాలనిపిస్తే రంగులేని గోళ్ళరంగు ఉంది. అదీ ఫ్రేమ్ మీద వేయకు, ఎసిటేట్‌కి అదీ పడదు. స్క్రూని పళ్ళెంలోనే ఉంచి, గుండుసూది మొనతో ఆవగింజలో సగమంత తీసి, కింది చివర రెండు మరలకి మాత్రం తాకించు. నిమిషం ఆగి, కాస్త జిగటపడ్డాక బిగించు. బయటికి వచ్చింది ఏదైనా ఉంటే పొడి గుడ్డతో తుడిచి, అరగంట కాడ కదపకుండా వదిలేయి. ఇది బలంగా అతుక్కోదు, రేపు డ్రైవర్ పెడితే చిట్లి వదిలేస్తుంది. మనకి కావలసింది కూడా అంతే.

బిగిస్తుంటే స్క్రూ తిరుగుతూనే ఉండి, ఎంతకీ పట్టకపోతే కింది రింగులో మరలు అరిగిపోయాయి. అప్పుడు ఎంత తిప్పినా లాభం లేదు. షాపులో ఆ రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి కొత్త మరలు కోసి 1.6 స్క్రూ వేస్తారు, లేదంటే పొడుగు స్క్రూ దించి కింద నట్టు పెడతారు. బందే ప్లాస్టిక్ లోపల కదులుతుంటే మాత్రం స్క్రూ జోలికి వెళ్ళకు, అది వేరే జబ్బు.

షాపుకి వెళ్ళేదాకా ఒక పూట గడవడానికే పళ్ళపుల్లలు. రంధ్రాల్లోంచి పుల్ల బిగుతుగా దించి రెండువైపులా విరిచేయి. పరీక్ష ఉన్న రోజయినా సరే కళ్ళజోడు ముక్కు మీద నిలుస్తుంది. తీసేయాలంటే వెనకనుంచి సూదితో పొడిస్తే చాలు.

పాత స్క్రూ దొరికితే పారేయకు. ఆ పొట్లంలోనే వేసి సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. మరలు దేనివి అరిగాయో భూతద్దంలో చూసి, ఎడమ కాడది కూడా మార్చాలో లేదో అప్పుడు చెప్తాను. అమ్మ సున్నుండలు చేసింది, ఈ పార్సిల్ డబ్బాలో అడుగున ఉన్నాయి. వాటిని తిన్న చేత్తో స్క్రూ పట్టుకోకు, జారిపోతుంది.

నాన్న