ఒక్క కంపెనీ చేతిలో మార్కెట్ పెడితే పరిశోధన పెరుగుతుందా? పరిశ్రమల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పోటీ లేని పెద్ద కంపెనీకే లాభాలు ఉంటాయి కాబట్టి, ఖర్చు తగ్గించే కొత్త పద్ధతులు కూడా అదే కనిపెడుతుందని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి ఆ మాట నమ్మే ముందు ఒక చిన్న లెక్క చూడండి. దీని వెనకున్న ఆలోచనను ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1962లోనే చెప్పారు. అంకెలు మాత్రం నేను వేసుకున్నవి.

ఒక వస్తువు ధర 100 అయితే ఎవరూ కొనరు. ధర ఒకటి తగ్గినకొద్దీ ఒకటి ఎక్కువ అమ్ముడవుతుంది. ఒక్కోదాని తయారీ ఖర్చు 60. కొత్త పద్ధతి దాన్ని 50కి తగ్గిస్తుంది.

మార్కెట్ అంతా ఒకే కంపెనీదైతే, అంటే అది గుత్త సంస్థ అయితే, దానికి ఎక్కువ లాభం ఇచ్చే ధర 80. అప్పుడు 20 అమ్మి 400 లాభం పొందుతుంది. కొత్త పద్ధతి వచ్చాక ధర 75 పెట్టి, 25 అమ్మి, 625 సంపాదిస్తుంది. అంటే కనిపెట్టినందుకు దానికి అదనంగా దక్కేది 225 మాత్రమే. మిగతా 400 ఏమీ కనిపెట్టకపోయినా వచ్చేదే.

పోటీ ఉన్న మార్కెట్లో ధర ఖర్చుతో సమానం, అంటే 60. ఎవరికీ పెద్దగా మిగలదు. అందులో ఒకరు ఈ పద్ధతి కనిపెట్టి పేటెంట్ తీసుకుంటే, ధర 60 కంటే ఓ పిసరు తగ్గించి మొత్తం 40 తామే అమ్ముకోవచ్చు. ఒక్కోదానిపై 10 చొప్పున దాదాపు 400 లాభం. అంతకుముందు సున్నా కాబట్టి ఇదంతా కొత్త లాభమే. పరిశోధనకు 300 ఖర్చయితే ఈ సంస్థ ముందుకొస్తుంది, గుత్త సంస్థ రాదు. పాత లాభాన్ని కొత్త లాభంతో మార్చుకోవడమే అయినప్పుడు దానికి తొందర ఎందుకుంటుంది?

ఈ లెక్క పేటెంట్ గట్టిగా ఉన్నప్పుడే నిలుస్తుంది. మర్నాడే అందరూ కాపీ కొట్టగలిగితే పోటీదారుకూ ఏమీ మిగలదు. అందుకే పోటీని, పేటెంట్ రక్షణను విడదీసి చూడకండి.

ఇంకో విషయం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. బయటి సంస్థ ఇదే పద్ధతితో గుత్త సంస్థ ఏలుతున్న మార్కెట్లోకి వస్తుందనుకోండి. ధర 60కి పడిపోయి పాత కంపెనీ లాభం సున్నా అవుతుంది. పేటెంట్ తన చేతికొస్తే మాత్రం దాని లాభం 625. అందువల్ల అది 625 దాకా వెచ్చించడానికైనా సిద్ధపడుతుంది, కొత్త సంస్థకు ఆ పేటెంట్ విలువ 400 మాత్రమే. అంటే పోటీ భయం గుత్త సంస్థనూ కదిలిస్తుంది, నిజమే. కానీ అది తానే కనిపెట్టాల్సిన పని లేదు, కనిపెట్టినవాళ్ల దగ్గర పేటెంట్ కొనేసి ధరను 75 దగ్గరే ఉంచవచ్చు.

కాబట్టి పరిశోధన పేరుతో ఏ కంపెనీ అయినా ప్రత్యేక హక్కులు అడిగితే, కనిపెట్టకపోయినా దానికి వచ్చే లాభం ఎంతో ముందు రాతపూర్వకంగా తీసుకోండి. మార్కెట్‌ను ఏలుతున్న కంపెనీ బయటివారి పేటెంట్ కొనాలంటే పోటీ నియంత్రణ సంస్థ అనుమతి తప్పనిసరి చేయండి.

ఇట్లు,
ఒక ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు