మాటలు వినపడకపోతే స్పీకర్ పోయినట్టు కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

రాజమండ్రిలో పాతికేళ్లుగా టీవీలు, హోమ్ థియేటర్లు బిగించే పని నాది. ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినే మాట ఒకటే: "బాబూ, టీవీ స్పీకర్ పోయినట్టుంది. పాటలు దద్దరిల్లుతున్నాయి, మాటలు మాత్రం వినపడట్లేదు." వెళ్లి చూస్తే స్పీకర్ శుభ్రంగా ఉంటుంది.

కిందటి నెల ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి అలాగే వెళ్లాను. ఓటీటీలో సినిమా నడుస్తోంది. అమ్మగారు రిమోట్ చేతిలోంచి దింపట్లేదు. మాటలప్పుడు వాల్యూమ్ 32 పెడుతున్నారు, ఫైట్ రాగానే 14కి దించుతున్నారు. పక్క గదిలో మనవరాలు పడుకుని ఉంది మరి. టీవీ అమ్మిన షాపువాళ్లు ఖరీదైన సౌండ్‌బార్ కొనమన్నారట. "చెవులు బాగా లేవేమో చూపించుకోండి" అని కూడా అన్నారట. వయసు పైబడితే సన్నని శబ్దాలు ముందుగా తగ్గుతాయన్నది నిజమే. స, త, క లాంటి హల్లులు జారిపోయి గొంతు వినిపిస్తుంది గానీ మాట అర్థం కాదు. అయితే ఆ ఇంట్లో అసలు తిరకాసు వేరే చోట ఉంది.

యాప్‌లో ఆడియో దగ్గర తెలుగు 5.1 ఎంచి ఉంది. అది ఆరు స్పీకర్లకోసం చేసిన మిక్సింగ్. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి. మాస్టారి టీవీకి ఉన్నవి రెండే, అవీ కిందికి తిరిగి ఉన్నాయి. ఆరింటినీ రెండిట్లో కుక్కేసరికి వెనక వినిపించాల్సిన హోరు కూడా ముందుకొచ్చి మాట మీద కూర్చుంటుంది. అదే మెనూలో మామూలు స్టీరియో తెలుగు కూడా ఉంది, దానికి మార్చాను. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో సరౌండ్ ఆపేశాను. ఆ తర్వాతే మాటలు పెంచే ఆప్షన్ వేశాను. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది: ఎల్‌జీలో Clear Voice, శామ్‌సంగ్‌లో Amplify, సోనీలో Voice Zoom. దాన్ని చివరిదాకా పెంచితే 'స' అన్నప్పుడల్లా బుస్సుమంటుంది. అలా అనిపిస్తే ఒక మెట్టు దించాలి.

నైట్ మోడ్ సంగతి వేరు, జనం రెండిటినీ కలిపేస్తారు. నైట్ మోడ్ మాటని వేరు చేసి పెంచదు. గుసగుసకీ ఫైట్‌కీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలని మాత్రం తగ్గిస్తుంది. రాత్రిపూట పిల్లలు ఉలిక్కిపడకుండా ఉండటానికి అది బాగా పనికొస్తుంది. మాటా మ్యూజిక్కూ ఒకేసారి మోగుతుంటే దానివల్ల పెద్దగా లాభం లేదు. ఒక్కోసారి మాట ఆగిన సందులో మ్యూజిక్ గుప్పున పైకి లేస్తుంది. అలా జరుగుతోందంటే నైట్ మోడ్ ఎక్కువైందని, లేకపోతే టీవీలోనూ సెట్‌టాప్ బాక్స్‌లోనూ రెండు చోట్లా ఆన్ చేశారని అర్థం. సౌండ్‌బార్ ఉన్నవాళ్లు ఈ రెండూ దాని రిమోట్‌లోనే వెతుక్కోవాలి, టీవీలో మార్చినవి చాలావాటికి పనిచేయవు.

మాస్టారింట్లో ఆ రాత్రి వాల్యూమ్ 20 దగ్గర పెట్టి సినిమా మొత్తం చూశారు. నాకు ఇచ్చింది విజిటింగ్ చార్జి మాత్రమే, సౌండ్‌బార్ కొనలేదు.

ఇంతవరకూ మన చేతిలో ఉన్నదే. న్యూస్ ఛానెళ్లతో మాత్రం నా పనితనం చెల్లదు. చావు వార్త చదువుతున్నా కింద డప్పులు, వయొలిన్లు మోగుతూనే ఉంటాయి. అవి గొంతుతో కలిసిపోయాకే మన ఇంటికి చేరతాయి. గొంతు ఉండే శ్రుతుల్లోనే ఆ వాయిద్యాలూ ఉంటాయి కాబట్టి Clear Voice వేస్తే అవి కూడా పెరుగుతాయి. అక్కడ తగ్గించగలిగింది స్టూడియోలో మిక్సర్ ముందు కూర్చున్న మనిషి ఒక్కడే. వార్త చదివేటప్పుడైనా ఆ మోత ఆపమని మీ పత్రిక ద్వారా ఛానెళ్లని అడుగుతున్నాను.

ఓటీటీ వాళ్లకీ ఒక మనవి. ప్రతి తెలుగు సినిమాకీ 5.1తో పాటు స్టీరియో ట్రాక్ ఇవ్వాలి. ప్రైమ్ వీడియో 2023లో Dialogue Boost అని మాటలు పెంచే ట్రాక్ తెచ్చింది, కానీ మొదలుపెట్టింది తన సొంత ఇంగ్లిష్ షోలు కొన్నిటితో. అలాంటిది మన తెలుగు సినిమాలకి ఇంకా ఎక్కువ అవసరం.

టీవీ కంపెనీలు రిమోట్ మీద నాలుగు యాప్‌లకి నాలుగు బటన్లు పెడుతున్నాయి. మాటలకి ఒక్క బటన్ పెడితే మాస్టారిలాంటి వాళ్లు నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
రాజమహేంద్రవరం