సైట్ లైవ్ అయింది, మా టీమ్‌కి థాంక్స్

అందరికీ నమస్కారం. మన సాహితీ క్లబ్ కొత్త వెబ్‌సైట్ నిన్న రాత్రి లైవ్ అయింది. హోమ్ పేజీ అదిరిందని అందరూ నాకు చెబుతున్నారు. ఆ మాట డిజైన్ చేసిన చెల్లికే నేరుగా చెప్పండి, మధ్యలో నేను కమిషన్ కొట్టను. పైకి కనిపించని పని చేసినవాళ్ల గురించే ఇప్పుడు నేను మాట్లాడేది.

పాత సైట్‌లో మన సంచికలన్నీ స్కాన్ చేసిన బొమ్మలు. కవిత పేరు కొట్టి వెతికితే దొరికేది కాదు. అసలు ఫైళ్లు ఉన్నాయి కానీ అవి యూనికోడ్ కావు, ప్రెస్‌లో డీటీపీ ఫాంట్‌తో కొట్టినవి. అలాంటి ఫైల్లో లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు అక్షరాల ముక్కలు తొడుగుతుంది. కాపీ చేసి సైట్‌లో పెడితే అంతా పిచ్చి గీతలే.

వాటిని యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్ట్ రాసిన తమ్ముడికి మొదటి థాంక్స్. గుడి, ఒత్తుల వరస తప్పిన చోట తెర మీద చుక్కల సున్నా కనిపిస్తుంది, కాబట్టి ఆ తప్పులు ఇట్టే పట్టుకోవచ్చు. ‘ఫలితం’ కాస్తా ‘పలితం’ అయిపోతే మాత్రం చుక్కలూ రావు, ఏమీ రావు. మనిషి కూర్చుని చదవాల్సిందే. మా ప్రూఫ్ బ్యాచ్ అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూస్తూ మొత్తం పూర్తిచేశారు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని నాన్-జాయినర్ ఒకటి ఉండాలి, లేకపోతే ‘వ’ కూడా వెళ్లి ‘ట’తో పాటు ‘ఫ’ కింద ఒత్తుగా కూర్చుంటుంది. అలాంటివి కూడా వదల్లేదు. ఇంత ఓపిక నాకైతే లేదు.

ఫ్రంట్ ఎండ్ చేసిన ఇద్దరికీ ఒక ప్రత్యేకమైన థాంక్స్. థీమ్‌లో లైన్ హైట్ 1.2 ఉండేది. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది, మనకేమో పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడ్డాయి. దాన్ని 1.7 చేసి, శీర్షికల కింద ఒత్తులు తెగిపోతున్న చోట కూడా సర్దారు. ‘రాష్ట్రం’ లాంటి మాట పెట్టి, చవక ఫోన్‌లో కూడా చూసి గానీ ఓకే అనలేదు.

పాత లింకులు చూసుకున్న తమ్ముడూ, నిన్ను మర్చిపోలేదు. సీనియర్లు తమ రెజ్యూమేల్లో పెట్టుకున్న లింకులు, పాత పోస్టర్ల మీది క్యూఆర్ కోడ్‌లు నిన్న రాత్రే చచ్చిపోవాల్సింది. ప్రతి పాత చిరునామా నుంచి కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ పెట్టి, ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. ఆ టెన్షన్‌లో డిన్నర్ కూడా మానేశాడని రూమ్మేట్ చెప్పాడు.

పాత సర్వర్‌ని ఈ నెలాఖరు దాకా ఆపకుండా ఉంచుతామన్న ల్యాబ్ సార్‌కి కూడా కృతజ్ఞతలు. ఏ పేజీలోనైనా అచ్చుతప్పు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ప్రూఫ్ బ్యాచ్‌కి పంపండి. సమోసాలు వెనక టేబుల్ మీద ఉన్నాయి, మొదట ఈ పని చేసినవాళ్లని తీసుకోనివ్వండి.