8.65 కంటే 7.7 ఎక్కువ ఎలా అయింది? ఆర్థిక మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక చిన్న టౌనులో ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నింపి పెడుతుంటాను. వచ్చినవాళ్ళు పనిలో పనిగా డబ్బు ఎక్కడ వేయాలో కూడా నన్నే అడుగుతారు. మా బాబాయి కూడా అలాగే వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు, చేతిలో 10 లక్షలున్నాయి. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కరపత్రం తీసి బల్ల మీద పరిచారు. ఒక ఫైనాన్స్ కంపెనీది (పేరు అనవసరం). మధ్యలో ఇంత లావు అక్షరాలతో "యీల్డ్ 8.65%" అని ఉంది. "పోస్టాఫీసులో జాతీయ పొదుపు పత్రం, అదే ఎన్‌ఎస్‌సీ, 7.7 అంటున్నారు, ఇది దాదాపు ఒక శాతం ఎక్కువ కదరా, దీంట్లోనే వేసేస్తాను" అన్నారు.

కరపత్రం కింది అంచున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో లైనుంది: వడ్డీ 7.25 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ, కాలం 60 నెలలు, వడ్డీ మొత్తం చివర్లోనే. అసలు రేటు అదన్నమాట. మరి 8.65 ఎక్కడి నుంచి వచ్చిందంటే, లెక్క ఇదీ. 7.25ని నాలుగుతో భాగిస్తే మూడు నెలలకు 1.8125 శాతం. ఐదేళ్ళలో అలాంటి మూడు నెలలు ఇరవై. లక్ష రూపాయలు ఇరవైసార్లు అలా పెరిగితే 1,43,226 అవుతుంది. అంటే వడ్డీ 43,226. దాన్ని ఊరికే ఐదుతో భాగించారు, ఏడాదికి 8,645 వచ్చింది, అదే 8.65 శాతం! చక్రవడ్డీతో పెరిగిన సొమ్మును చివర్లో బారువడ్డీ లెక్కన పంచారు. ఈ పద్ధతిలో కాలం ఎంత పొడిగిస్తే "యీల్డ్" అంత పెరుగుతుంది. అదే 7.25ని పదేళ్ళకు వేసి పదితో భాగిస్తే 10 శాతం దాటుతుంది, రేటు పైసా కూడా పెంచక్కర్లేదు.

ఇది అబద్ధమా అంటే, ఒక్క అంకె కూడా తప్పు కాదు. బాధంతా అక్కడే. ఆ 8.65ని పక్కనున్న 7.7తో పోల్చకూడదని బాబాయికి చెప్పేవాడు లేడు.

పోల్చాల్సింది ఏడాదికి నికరంగా పెరిగే శాతాన్ని. లక్ష వేస్తే సరిగ్గా ఏడాది తిరిగేసరికి ఎంత అవుతుందో అది. సూత్రం చిన్నదే:

```
(1 + r/n)^n − 1
```

r అంటే ప్రకటించిన రేటు, 7.25 శాతమైతే 0.0725 అని వేసుకోవాలి. n అంటే ఏడాదికి ఎన్నిసార్లు వడ్డీని అసలులో కలుపుతారో ఆ లెక్క. కరపత్రంలోని 7.25కి n నాలుగు, కాబట్టి నికరం 7.45 శాతం. ఎన్‌ఎస్‌సీకి 2023 ఏప్రిల్ నుంచి అమలయ్యేలా మీ శాఖ ప్రకటించిన రేటు 7.7, ఏడాదికోసారే కలుపుతారు, కాబట్టి నికరం కూడా 7.7. ఐదేళ్ళ తర్వాత 10 లక్షలకు కరపత్రం కంపెనీ ఇచ్చేది 14,32,261. ఎన్‌ఎస్‌సీ ఇచ్చేది 14,49,034. "ఒక శాతం ఎక్కువ" అనుకున్నది 16,773 రూపాయలు తక్కువైంది. పన్ను సంగతి నేను ఇక్కడ కలపలేదు.

ఈ సూత్రం చెప్పగానే బాబాయి ఇంకో పక్కకు వెళ్ళిపోయారు: "అయితే రోజూ చక్రవడ్డీ వేసేవాళ్ళని వెతుకుదాం." ఆ ఆశకూ ఒక హద్దుంది. 7 శాతాన్ని ఏడాదికోసారి కలిపితే 7, మూడు నెలలకోసారి కలిపితే 7.19, రోజూ కలిపినా 7.25 దగ్గరే ఆగిపోతుంది. మూడు నెలల నుంచి రోజుకు మారితే లక్షకు ఏడాదికి వచ్చేది అరవై నాలుగు రూపాయలు. "డైలీ కాంపౌండింగ్" అని బోర్డు పెట్టి రేటు పావు శాతం తగ్గిస్తే వాళ్ళే లాభపడతారు.

ఇక్కడిదాకా ఫైనాన్స్ కంపెనీలను అన్నాను, ఇప్పుడు మీ పోస్టాఫీసు గురించి. ఒకే కౌంటర్లో ఎన్‌ఎస్‌సీ 7.7, పక్కనే ఐదేళ్ళ టైమ్ డిపాజిట్ 7.5 అని ఉంటాయి. టైమ్ డిపాజిట్‌కు వడ్డీ మూడు నెలల లెక్కన కట్టి ఏడాదికోసారి చెల్లిస్తారు. కాబట్టి దాని నికరం 7.71, ఎన్‌ఎస్‌సీ కంటే ఒక పిసరు ఎక్కువే. పది వేలకు ఏడాదికి 771 అని పోస్టాఫీసు పట్టికలోనే ఉంటుంది. సరే, 7.71 ఎక్కువ కాబట్టి అదే మేలు అని నేనే ఒకరికి చెప్పి తర్వాత నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే ఆ వడ్డీ ఏటా బయటికి వచ్చేస్తుంది, తీసుకోకుండా వదిలేసినా దాని మీద మళ్ళీ వడ్డీ రాదు. 10 లక్షలకు ఏటా 77,136 చొప్పున ఐదేళ్ళూ తీసి బీరువాలో పెట్టుకుంటే మొత్తం 13,85,680. వచ్చిన వడ్డీని వచ్చినట్టే 4 శాతం సేవింగ్స్ ఖాతాలో పడేస్తే దాదాపు 14 లక్షల 18 వేలు. ఎన్‌ఎస్‌సీలో వడ్డీ లోపలే తిరుగుతుంది కనుక అది 14 లక్షల 49 వేలు. ఏటా ఖర్చుకు డబ్బు కావాల్సినవాళ్ళకు టైమ్ డిపాజిటే సరి, దాన్ని తప్పుపట్టను. కానీ నికర శాతం ఒక్కటే చూసినా మోసపోవచ్చని అప్పుడు అర్థమైంది, వడ్డీ లోపల ఉంటుందా బయటికి వస్తుందా అన్నది కూడా చూడాలి.

మా ఊళ్ళో ప్రోనోటు రాసేటప్పుడు "నెల ఒకటికి నూటికి రూ. 2 చొప్పున వడ్డీ" అని రాస్తారు, నెలకా ఏడాదికా, ఎంత మీద ఎంత అన్నది అందులోనే ఉంటుంది, చదువు రానివాడికి కూడా వినిపిస్తే అర్థమవుతుంది. రెండు రూపాయల వడ్డీ దారుణమే, అయినా ఆ కాగితంలో ఉన్నంత స్పష్టత కరపత్రంలో లేదు.

అప్పుల విషయంలో మీ హయాంలోనే ఒక మంచి పని జరిగింది. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపి ఏడాదికి నికరంగా ఎంత పడుతుందో ఏపీఆర్ పేరుతో అందులో చూపాలి. డబ్బు తీసుకునేవాడికి ఉన్న ఆ కాగితం డబ్బు వేసేవాడికి ఎందుకు ఉండకూడదు? అమెరికాలో 1991 నాటి ట్రూత్ ఇన్ సేవింగ్స్ చట్టం డిపాజిట్లకు, ఏడాదికి నికరంగా ఎంత పెరుగుతుందో చూపే ఏపీవై అనే ఒకే కొలతను పెట్టింది. మన దగ్గర కొన్ని బ్యాంకులు వెబ్‌సైట్లో రేటు పక్కన వార్షిక యీల్డ్ గడి పెడుతున్నాయి, అది మంచిదే, కానీ కరపత్రం మీద "యీల్డ్" అన్న మాటకు ఎవరి అర్థం వారిదైతే ఆ గడి వల్ల బాబాయికి లాభం లేదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణేం కాదు. రిజర్వు బ్యాంకుతో మాట్లాడి "యీల్డ్" అంటే పైన చెప్పిన సూత్రం ప్రకారం వచ్చేదే అని నిర్ణయించండి, మొత్తం వడ్డీని ఏళ్ళతో భాగించిన అంకెను ఆ పేరుతో వేయనివ్వకండి. దాని పక్కనే, అంతే సైజు అక్షరాల్లో, లక్ష వేస్తే గడువు తీరాక చేతికి ఎంత వస్తుందో, మధ్యలో వడ్డీ బయటికి ఇస్తారో లేదో రాయించండి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలతో పాటు మీ పోస్టాఫీసు బోర్డుకు కూడా ఇది వర్తించాలి.

బాబాయి చివరికి ఎన్‌ఎస్‌సీనే కొన్నారు, ఐదేళ్ళదాకా మధ్యలో తీయడం కుదరదని చెప్పి ఒక లక్ష మాత్రం సేవింగ్స్‌లో ఉంచమన్నాను. ఆ కంపెనీ కుర్రాడు ఇంకా ఫోన్లు చేస్తున్నాడట. ఈసారి 8.75 అంటున్నాడట.

ఇట్లు,
ఒక ట్యాక్స్ రిటర్నుల గుమస్తా